ట్రాక్టర్ పాలసీలో మొదటి పేజీ ఒకటి చెప్పి, రెండో పేజీ ఇంకొకటి చెప్తే

ఉడుపుల సీజన్ మొదలైంది. ఇంకో రెండు నెలలు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ రోడ్డు మీద చూసినా ట్రాక్టర్ తొట్టెలే. ఆకు కట్టలు, ఎరువు బస్తాలు, వాటి మీద కూలి మనుషులు. ఈ పోస్టు ఆ తొట్టి గురించీ, దానికి మనం కట్టే ఇన్సూరెన్సు కాగితాల గురించీ. కొంచెం పొడుగ్గా ఉంటుంది. మీ పాలసీ పక్కన పెట్టుకుని చదివితే ఎక్కువ ఉపయోగం.

రోడ్డు మీద పోలీసు గానీ, ఆర్టీవో గానీ పాలసీలో చూసేది ఒక్కటే, తారీఖు ఉందా లేదా అని. ఫోన్‌లో ఎంపరివాహన్ తెరిచినా కనిపించేది తారీఖే. లోపల ఏం రాసుందో ఎవరూ అడగరు, మనమూ చూడం. ప్రమాదం జరిగాక మాత్రం కంపెనీ వకీలు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాడు. ఆయన కంటే ముందు మనం చదివితే తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

ముందు ఒక సంగతి. తొట్టి అంటే ట్రాక్టర్‌లో భాగం కాదు. కాగితాల్లో దాన్ని ట్రైలర్ అంటారు. దానికి వేరే నంబరు, వేరే ఆర్‌సీ, వేరే ఛాసిస్ నంబరు ఉంటాయి. ఇంజన్ లేదు కాబట్టి ఇంజన్ నంబరు ఉండదు. ట్రాక్టర్‌కి ఇన్సూరెన్సు చేస్తే తొట్టికి కూడా అయిపోయినట్టు కాదు. తొట్టిని పాలసీలో విడిగా చేర్చాలి, దానికి విడిగా ప్రీమియం కట్టాలి. చేర్చకపోతే ఏమవుతుందో 2007లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. ఇటుక బట్టీకి మట్టి తోలుతున్న ట్రాక్టర్ తొట్టిలో వెళ్తున్న కూలి ఒకతను దెబ్బతిన్నాడు. పాలసీ వ్యవసాయం పనికి మాత్రమే, తొట్టికి ఇన్సూరెన్సు లేదు. కాబట్టి కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. అయితే కూలిని చూసి, ముందు కంపెనీ డబ్బు కట్టి తరువాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంది. 2018లో ఇంకో కేసులో, ట్రాక్టర్ మీద ఎక్కి వెళ్తున్న మనిషి విషయంలోనూ ఇలాగే చెప్పింది. ట్రాక్టర్‌కి ఉన్న సీటు ఒక్కటే, అది డ్రైవర్‌ది. మడ్‌గార్డు మీద కూర్చున్నవాడు పాలసీ లెక్కలో లేడు.

"యజమాని దగ్గర వసూలు చేసుకోవడం" అనే మాట చదవడానికి చిన్నదే. మన విషయంలో దానికి అర్థం పొలం.

ఇప్పుడు అసలు కథకొస్తాను. మా బావమరిది ట్రాక్టర్ పాలసీ గత నెల రెన్యువల్ అయింది. ఏజెంటు వాట్సాప్‌లో పదకొండు పేజీల పీడీఎఫ్ పంపాడు. "కిందటేడు కంటే తగ్గించి చేశాను" అని కూడా చెప్పాడు. మావాడు సంతోషపడిపోయాడు. నాకైతే ఆ మాటే అనుమానం తెచ్చింది. బండి అదే, పని అదే, క్లెయిమ్ ఏమీ లేకపోతే నో క్లెయిమ్ బోనస్ వల్ల కొంత తగ్గొచ్చు, బండి పాతబడి దాని విలువ తగ్గినందుకు కొంత తగ్గొచ్చు. కానీ ఇక్కడ తగ్గింది అంతకంటే ఎక్కువ. ఏదో ఒక లైను తీసేస్తే తప్ప అంత తగ్గదు.

మీసేవలో పదకొండు పేజీలూ ప్రింటు తీయించాం. ఫోన్‌లో చూస్తే ఒక పేజీకీ ఇంకో పేజీకీ పోల్చడం కుదరదు, వేలితో పైకీ కిందకీ తోస్తూ ఉండగానే అంకె మర్చిపోతాం. పక్కన ట్రాక్టర్ ఆర్‌సీ, తొట్టి ఆర్‌సీ, కిందటేటి పాలసీ, డబ్బు కట్టిన రసీదు పెట్టుకున్నాం. మా మేనకోడలు డిగ్రీ చదువుతోంది. ఆమె ఆర్‌సీ చూసి పైకి చదివింది, నేను పాలసీ మీద వేలు పెట్టి చూశాను. ఒక్కరే రెండు కాగితాలూ చూస్తే కన్ను మోసం చేస్తుంది, ఉండాల్సింది ఉన్నట్టే కనిపిస్తుంది. నంబర్లు వెనక నుంచి ముందుకి, ఒక్కో అంకె చదవమన్నాను. ముందు నుంచి చదివితే నోటికి అలవాటైన నంబరు గబగబా వచ్చేస్తుంది. ఇంగ్లీషు అక్షరం ఓ, సున్నా ఒకలాగే ఉంటాయి. ఎనిమిదీ బీ, అయిదూ ఎస్సూ కూడా అంతే. ఛాసిస్ నంబరులో అవి కలిసిపోయే చోట ఆగాలి. మావాడి ట్రాక్టర్ ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, తొట్టి నంబరు, పేరు, నామినీ, తారీఖులు అన్నీ సరిపోయాయి. ఇది పది నిమిషాల పని. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు.

తరువాత చేసింది అంకెల పని. తెల్లకాగితం ఒకటి తీసుకుని, పాలసీలో ఎక్కడ డబ్బు అంకె కనిపించినా దాన్ని రాసి, పక్కన ఏ పేజీలో ఉందో రాయమన్నాను. ఒకే అంకె రెండు చోట్ల వస్తే రెండు పేజీ నంబర్లూ రాయాలి. మొదటి మూడు పేజీలే ముఖ్యం. మొదటి పేజీలో షెడ్యూలు ఉంది, అంటే బండి వివరాలు, విలువ. రెండో పేజీలో ప్రీమియం లెక్క, బాధ్యత పరిమితులు. మూడో పేజీలో ఏ పనికి వాడాలో, ఎవరు నడపాలో, ఏ ఎండార్స్‌మెంట్లు వర్తిస్తాయో వాటి నంబర్లు. నాలుగు నుంచి చివరి దాకా సన్న అక్షరాల్లో నిబంధనలు, మినహాయింపులు.

మొదటి పేజీలో ఐడీవీ, అంటే బండి పూర్తిగా పోతే లెక్కలోకి తీసుకునే విలువ, ఇలా ఉంది. ట్రాక్టర్ రూ.4,60,000. ట్రైలర్ రూ.1,10,000. మొత్తం రూ.5,70,000. తొట్టి నంబరు కూడా పక్కనే ఉంది. మావాడు అదే చూపించి "బావా, తొట్టి రాసే ఉంది కదేటి, ఇంకేటి చూస్తావు" అన్నాడు.

రెండో పేజీ తిప్పాం. ప్రీమియం లెక్కలో సొంత నష్టం కింద రూ.4,60,000 మీద మాత్రమే లెక్క కట్టారు. కింద "ట్రైలర్" అనే లైను ఉంది, దానికి ఎదురుగా 0.00. థర్డ్ పార్టీ కింద ఇంకో ట్రైలర్ లైను, దానికీ 0.00. ట్రైలర్ల సంఖ్య దగ్గర 0. అంటే మొదటి పేజీలో తొట్టి ఉంది, రెండో పేజీలో లేదు. కిందటేటి పాలసీ తీసి చూస్తే రెండు లైన్లలోనూ అంకెలు ఉన్నాయి. ఏజెంటు తగ్గించానన్నది ఈ తొట్టినే.

ఇక్కడ నేను పట్టుకున్న సూత్రం ఒకటే. కంపెనీ దేనికి డబ్బు తీసుకుందో దానికే జవాబు చెప్తుంది. అందుకే ప్రతి రక్షణకీ మూడు చోట్ల గుర్తు ఉండాలి. షెడ్యూలులో పేరు ఉండాలి, ప్రీమియం పేజీలో దానికి రూపాయలు ఉండాలి, ఎండార్స్‌మెంట్ నంబరు అవసరమైతే అది మూడో పేజీలో ఉండి దాని పాఠం వెనక పేజీల్లో అచ్చయి ఉండాలి. మూడింటిలో ఏది లేకపోయినా ఆగి అడగాలి. సరిగ్గా ఉన్నది ఎలా ఉంటుందో ఇదే పాలసీలో ఉంది. జీతం డ్రైవర్‌కి బాధ్యత అనే లైను రెండో పేజీలో ఉంది, ఎదురుగా రూ.50. మూడో పేజీలో ఐఎంటీ 28 అనే నంబరు ఉంది. వెనక తొమ్మిదో పేజీలో ఆ 28 పాఠం అచ్చయి ఉంది. మూడూ కలిశాయి, దానికి టిక్కు పెట్టాం. తొట్టికి మాత్రం రూపాయలు లేవు, తొట్టి తగిలించుకున్న వ్యవసాయ బండికి వర్తించే ఐఎంటీ 48 అనే నంబరు కూడా మూడో పేజీలో లేదు.

ఐఎంటీ అంటే కంగారు పడకండి. మోటారు ఇన్సూరెన్సులో దేశమంతా వాడే ఎండార్స్‌మెంట్ల నంబర్లవి. కంపెనీ ఏదైనా ఆ నంబర్ల అర్థం దాదాపు ఒకటే. కొన్ని రక్షణ కలుపుతాయి, కొన్ని తీసేస్తాయి. ఇబ్బంది ఎక్కడంటే, మూడో పేజీలో అవన్నీ ఒకే వరసలో కామాలు పెట్టి రాస్తారు. కలిపేదేదో తీసేదేదో నంబరు చూసి తెలీదు.

మావాడి పాలసీలో ఆ వరస ఇలా ఉంది: 7, 20, 21, 28. 28 సంగతి చెప్పాను. మిగతా మూడూ వెనక పేజీల్లో వెతికి చదివాం.

7 అంటే బ్యాంకు తాకట్టు. బండి పూర్తిగా పోతే డబ్బు ముందు బ్యాంకుకి వెళ్తుంది. మావాడికి అప్పు ఇంకా ఉంది, బ్యాంకు పేరు సరిగానే ఉంది. మీలో ఎవరికైనా అప్పు తీరి, ఆర్‌సీలో తాకట్టు కొట్టేయించుకున్నాక కూడా పాలసీలో బ్యాంకు పేరు అలాగే వస్తోందేమో చూసుకోండి. చాలా రెన్యువళ్లలో పాత పేరే నడుస్తూ ఉంటుంది.

21 అనేది ట్రాక్టర్లు, లారీల పాలసీల్లో వచ్చే మినహాయింపు. దీపాలు, టైర్లు, ట్యూబులు, మడ్‌గార్డులు, బంపర్లు, బానెట్ పక్క భాగాలు, రంగు వీటికి దెబ్బ తగిలితే ఇవ్వరు, బండి మొత్తం పోతే తప్ప. ఇవి కావాలంటే అదనంగా కట్టి 23 అనే నంబరు తీసుకోవాలి. మావాడు అది తీసుకోలేదు, ప్రీమియం పేజీలోనూ దానికి లైను లేదు. ఇది తప్పు కాదు, రెండు పేజీలూ ఒకే మాట చెప్తున్నాయి. గెడ్డ దిగేటప్పుడు మడ్‌గార్డు సొట్టపడితే మాత్రం సొంత ఖర్చే అని మావాడికి చెప్పాను. "అదెప్పుడూ నాదే కదేటి" అన్నాడు.

అసలు పేచీ 20 దగ్గర. రెండో పేజీలో బాధ్యత పరిమితులు అనే చోట రెండు వాక్యాలు ఉన్నాయి. ఎదుటి మనిషి ప్రాణానికి, గాయానికి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎంతైతే అంత. ఎదుటివాడి ఆస్తికి రూ.7,50,000. అంటే మన ట్రాక్టర్ వెళ్లి ఎవరి కారునో, ప్రహరీ గోడనో, దుకాణాన్నో గుద్దితే ఏడున్నర లక్షల దాకా కంపెనీ చూసుకుంటుంది. బాగుంది. కానీ ఐఎంటీ 20 పాఠం తీసి చదివితే ఆ ఆస్తి పరిమితిని రూ.6,000కి తగ్గిస్తున్నాం అని ఉంది. కావాలనుకునేవాళ్లు దాన్ని ఎంచుకుంటే ప్రీమియంలో చిన్న తగ్గింపు ఇస్తారు.

ఒకే పాలసీ. రెండో పేజీలో ఏడున్నర లక్షలు, మూడో పేజీలో ఉన్న ఒక్క నంబరు వల్ల ఆరు వేలు. ఏది నిజం? ప్రీమియం లెక్కే చూడాలి. ఆస్తి పరిమితి తగ్గించుకున్నందుకు ఇచ్చే తగ్గింపు లైను రెండో పేజీలో లేదు. అంటే మావాడు పూర్తి మొత్తానికే డబ్బు కట్టాడు. 20 అనే నంబరు ఎవరి పాలసీలోంచో, ఏ పాత నమూనాలోంచో వచ్చి ఇక్కడ ఉండిపోయింది. కోర్టుకి వెళ్తే, రాసినవాడి మాటలో సందేహం ఉంటే అది రాసినవాడికి వ్యతిరేకంగా చదవాలనే పద్ధతి ఉంది. కానీ అది తేలేసరికి ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలుసు. ఇప్పుడు ఒక ఉత్తరంతో పోయేదాన్ని అంతదాకా ఎందుకు తీసుకెళ్లడం?

ఇక మినహాయింపుల పేజీలు. ఎనిమిది పేజీలు సన్న అక్షరాలు చూస్తే ఎవరికైనా నిద్రొస్తుంది. అందుకే మూడో పేజీలో ఉన్న ఒక్క పేరా ముందు పెట్టుకుని, దాన్ని బట్టి మిగతావి చదివాం. ఆ పేరా పేరు వాడకం పరిమితులు. మావాడి దాంట్లో వ్యవసాయ, అటవీ పనులకు మాత్రమే అని ఉంది. కిరాయికి వాడటం, ప్రయాణికులను ఎక్కించడం కుదరదని ఉంది. వెనక సాధారణ మినహాయింపుల్లో, వాడకం పరిమితులకు విరుద్ధంగా నడిపినప్పుడు జరిగినదానికి బాధ్యత లేదని ఉంది. ఈ రెండూ కలిపి చదవాలి. విడివిడిగా చదివితే దేనికీ పదును ఉండదు.

మావాడు అడిగాడు. "మన ఉడుపు కూలీలనే తొట్టిలో పొలానికి తీసుకెల్తే? అది వ్యవసాయమే కదా?" అడగాల్సిన ప్రశ్నే. మా మేనకోడలు పాలసీ మొత్తం వెతికింది. కూలీలను ఎక్కించుకోవచ్చు అనే వాక్యం ఎక్కడా లేదు. ట్రాక్టర్ సీట్ల సంఖ్య 1 అని ఉంది, తొట్టి సీట్ల సంఖ్య అసలు లేదు. పని వ్యవసాయమే అయినా, తొట్టి మనుషులను మోసే బండి కాదు. ఎత్తుడు దింపుడు కూలీలకు బాధ్యత కోసం విడిగా డబ్బు కట్టే లైను కొన్ని పాలసీల్లో ఉంటుంది. అది ఉన్నా, ఆకు కట్టలు ఎక్కించి దింపే మనుషుల కోసమే గానీ ఇరవై మందిని ఊరి నుంచి పొలానికి చేర్చడానికి కాదు. అందుకని దాన్ని మావాడికి అమ్మకానికి పెట్టినా నమ్మొద్దన్నాను. పైడితల్లి సిరిమానోత్సవానికి తొట్టి నిండా జనాన్ని ఎక్కించుకుని విజయనగరం వెళ్లే ట్రాక్టర్లకైతే వ్యవసాయం అనే మాట కూడా అడ్డం రాదు. ఇసుక కిరాయికి తోలేవాళ్లదీ అదే సంగతి. వాళ్లకు ఆర్‌సీలోనే వాణిజ్య తరగతి ఉండాలి, పాలసీలో కూడా అదే తరగతి రావాలి. రెండు కాగితాల్లో రెండు తరగతులుంటే అదే మొదటి తగాదా.

మా దగ్గర తేలింది రెండు తేడాలు. తొట్టి లేదు, 20 ఉంది. ఏజెంటుకి ఫోన్ చేస్తే "ఏటీ కాదులెండి, మొదటి పేజీలో ఉంది కదా, నేను చూసుకుంటాను" అన్నాడు. తరువాత పెన్నుతో దిద్ది సంతకం పెట్టి ఇస్తానన్నాడు. పెన్నుతో దిద్దిన పాలసీకి విలువ లేదు. మార్పు ఏదైనా కంపెనీ తన వ్యవస్థలోంచి ఎండార్స్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి, దానికి నంబరు, తారీఖు, ఏ సమయం నుంచి అమలో ఉండాలి. మేము బ్రాంచికి మెయిల్ పెట్టాం, ఒక కాపీ చేతికిచ్చి ముద్ర వేయించుకున్నాం. రాసింది ఇంతే:

"పాలసీ 1వ పేజీలో ట్రైలర్ ఐడీవీ రూ.1,10,000 అని ఉంది. 2వ పేజీలో ట్రైలర్ ప్రీమియం రెండు చోట్లా 0.00, ట్రైలర్ల సంఖ్య 0 అని ఉంది. ట్రైలర్‌ను చేర్చి, కట్టాల్సిన అదనపు ప్రీమియం చెప్పగలరు. 2వ పేజీలో ఆస్తి నష్ట పరిమితి రూ.7,50,000 అని ఉంది. 3వ పేజీలో ఐఎంటీ 20 ఉంది. మేము పరిమితి తగ్గింపు కోరలేదు, తగ్గింపు పొందలేదు. ఆ నంబరు తొలగించగలరు."

ఇలా పేజీ నంబరు, ఉన్నది, ఉండాల్సింది అని మూడు ముక్కలుగా రాస్తే వాళ్లకు కాదనడానికి చోటు ఉండదు. "పాలసీలో తప్పులున్నాయి, సరిచేయండి" అని రాస్తే ఆ ఉత్తరం బల్ల మీదే ఉండిపోతుంది. బ్రాంచి జవాబివ్వకపోతే కంపెనీ ఫిర్యాదుల విభాగం, ఆ తరువాత ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా. ఫోన్ నంబరు 155255. ఆ పైన హైదరాబాదులో ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ ఉన్నారు. మాకు అంతదాకా రాలేదు.

ఒక విషయం మావాడికి కష్టంగా అనిపించింది. అక్షర దోషం అయితే దిద్దుకుంటే సరిపోతుంది. కానీ డబ్బు కట్టని రక్షణను కొత్తగా చేర్చితే అది డబ్బు కట్టిన తరువాత నుంచే మొదలవుతుంది, పాలసీ మొదటి రోజు నుంచి కాదు. అంటే రెన్యువల్ అయిన రోజు నుంచి ఎండార్స్‌మెంట్ వచ్చేదాకా తొట్టి రోడ్డెక్కితే దానికి అండ లేదు. సరిగ్గా ఆకు తీత రోజులు. తొట్టి కల్లంలో పెట్టి ఉంచితే మావాడు నా మీద రుసరుసలాడాడు. పక్కూరి తొట్టి కిరాయికి తెచ్చుకుంటానన్నాడు. ఆ తొట్టి పాలసీ తెప్పించి రెండో పేజీ చూడమన్నాను. తెప్పించలేదు, తొట్టి కూడా తేలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కొబ్బరి, జీడి నష్టం జాబితాల్లో మన పేరు ఉందా, చెట్ల సంఖ్య సరిగా ఉందా అని రోజూ వెళ్లి చూసుకున్నవాళ్లం. ఊరికే వచ్చే పరిహారానికే అంత చూశాం. సొంత డబ్బు కట్టి కొన్న కాగితాన్ని మాత్రం ఏజెంటు పంపింది పంపినట్టే బీరువాలో పెట్టేస్తాం. ఎందుకో నాకూ అర్థం కాదు.

తొమ్మిదో రోజుకు ఎండార్స్‌మెంట్ వచ్చింది. ఒకటే పేజీ. 20 తీసేశారు. ట్రైలర్ల సంఖ్య 1, రెండు లైన్లలోనూ ప్రీమియం, ఐఎంటీ 48 అన్నీ ఉన్నాయి. రసీదుతో మొత్తం సరిపోయింది. మావాడు తాళం చెవి తీసుకుని లేచాడు కూడా. మా మేనకోడలు మాత్రం మళ్లీ ఆర్‌సీ పట్టుకుని వెనక నుంచి అంకెలు చదవడం మొదలుపెట్టింది. తొట్టి నంబరు సరే, ఛాసిస్ సరే. "మావయ్యా, ఐడీవీ చూడు" అంది. రూ.11,000. ఒక సున్నా ఎగిరిపోయింది. ప్రీమియం మాత్రం రూ.1,10,000 లెక్కకే తీసుకున్నారు.

మళ్లీ అదే పద్ధతిలో మెయిల్ పెట్టాం. రెండో ఎండార్స్‌మెంట్ నాలుగో రోజుకు వచ్చింది, రూ.1,10,000 అని ఉంది. అమలు తేదీ మాత్రం మొదటి ఎండార్స్‌మెంట్ తేదీయే వేశారు, డబ్బు ఆ రోజే కట్టాం కాబట్టి. మర్నాడు పొద్దున్నే ఆకు కట్టలతో తొట్టి పొలానికి వెళ్లింది. కూలీలు ఆటోలో వెళ్లారు, రెండు ట్రిప్పులుగా.